తలకింతా, గంటకింతా? కుటుంబ చిత్రం ఆర్డర్‌కు ధర, సవరణలు, హక్కులు తేల్చుకునే పద్ధతి

"అన్నా, మా ఇంట్ల అయిదుగురం ఉన్నం. అందరిని కలిపి ఒక్క బొమ్మ గీస్తే ఎంతయితది?"

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఆర్డర్ మీద డిజిటల్ బొమ్మలు గీసేవాళ్లకు వాట్సాప్‌లో వచ్చే మొదటి మెసేజ్ దాదాపు ఈ తీరులోనే ఉంటుంది. వెంటనే ఒక అంకె చెప్పేస్తే, ఆ పని పూర్తయ్యేదాకా ఆ అంకె మెడకు చుట్టుకునే ఉంటుంది. అడిగినవాళ్లు మనుషుల లెక్క చెప్పారు, అంతే. ఫోటోలు ఎలాంటివో, బొమ్మ ఎక్కడ పెడతారో, చివరికి బాగుందని ఎవరు అనాలో ఇంకా తెలియదు. పని గంటలను పెంచేవీ తగ్గించేవీ ఈ మూడే.

ధర చెప్పడానికి వాడుకలో మూడు దారులున్నాయి: బొమ్మకింత అని ఒకే ధర, మూల ధరకు తోడు అదనాలు, గంటల లెక్క. సవరణలకూ హక్కులకూ కూడా రెండు మూడు దారులున్నాయి. వీటిని విడివిడిగా చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక పని మీద పెట్టి లెక్కేస్తేనే తేడా తెలుస్తుంది. అందుకని ఇక్కడ ఎక్కువగా వచ్చే ఆర్డర్ ఒకటి తీసుకుని చివరిదాకా దాన్నే పట్టుకుని పోదాం.

పని ఏమిటంటే

హన్మకొండలో ఒక కుటుంబం కొత్త ఇల్లు కట్టుకుంది అనుకుందాం. గృహప్రవేశం నాటికి హాల్లో పెట్టుకోవడానికి కుటుంబ చిత్రం కావాలి. తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు, మనవరాలు. నడుము పైభాగం వరకు, సహజానికి దగ్గరగా రంగులు వేసిన బొమ్మ, 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. తాత లేరు, మనవరాలు పుట్టకముందే పోయారు. ఆయనది ఒకే ఒక్క పాత స్టూడియో ఫోటో ఉంది, ఫ్రేములోకి తడి పోయి ఒక చెంప మీద మరక పడింది. మిగతా నలుగురి ఫోటోలు వేర్వేరు రోజుల్లో ఫోనులో తీసినవి. తాత చెయ్యి మనవరాలి భుజం మీద ఉండాలని కోరిక. నాయనమ్మ పోచంపల్లి ఇక్కత్ చీరలో ఉండాలి, మెడలో చెవుల్లో ఉన్నవన్నీ కనిపించాలి.

ఈ పనికి ఎన్ని గంటలు పడతాయో ముందు రాసుకోవాలి. చెయ్యి తిరిగిన మనిషికి సుమారుగా ఇలా పడుతుంది:

| పని | గంటలు |
|---|---|
| మాటలు, ఫోటోల ఎంపిక | 1.5 |
| స్కెచ్ | 3 |
| నాలుగు ముఖాలు | 8 |
| తాత ముఖం | 3.5 |
| బట్టలు, ఇక్కత్, నగలు | 8 |
| భుజం మీది చెయ్యి, సాదా వెనకభాగం | 1.5 |
| అందరి మీదా వెలుగు ఒకేలా చేయడం | 2 |
| ప్రింట్ ఫైలు, నమూనా ప్రింట్ | 1 |
| రెండు విడతల సవరణలు | 3 |

మొత్తం 31.5 గంటలు. మీ చేతివేగాన్ని బట్టి అంకెలు మారతాయి, కానీ వరుసలు మారవు. ఇంతకుముందు చేసిన మూడు నాలుగు పనులకు ఫోనులో టైమర్ పెట్టి రాసుకుని ఉంటే ఈ పట్టిక మీకు అంచనాగా కాక అనుభవంగా వస్తుంది.

ఇందులో కొత్తగా గీసేవాళ్లు తక్కువ అంచనా వేసేవి రెండు. ఒకటి ఇక్కత్. ఆ డిజైన్ అంచుల దగ్గర నూలు రంగు కొంచెం పాకినట్టు ఉంటుంది, పైగా చీర మడతల వెంట వంగుతుంది. ఒకే నమూనాను కాపీ చేసి పరిచేస్తే చీర గోడకు అంటించిన కాగితంలా కనిపిస్తుంది. మడతకో తీరుగా వంచి, నీడల్లో రంగు తగ్గించాలి. అందుకే సాదా చీరకు గంట పడితే ఇక్కత్‌కు రెండున్నర గంటలు.

రెండోది, వేర్వేరు ఫోటోల్లోని ముఖాలను ఒక్కచోట కూర్చోబెట్టడం. చెయ్యి చాచి తీసుకున్న సెల్ఫీలో కెమెరా ముఖానికి బాగా దగ్గర్లో ఉంటుంది, కాబట్టి ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. స్టూడియోలో ఆరేడు అడుగుల దూరం నుంచి తీసిన ముఖం చదునుగా, చెవులు బయటికి కనిపించేలా ఉంటుంది. ఈ రెంటినీ ఉన్నవున్నట్టు గీసి పక్కపక్కన పెడితే ఏ ముఖానికి ఆ ముఖం సరిగ్గానే ఉంటుంది, కలిపి చూస్తే మాత్రం ఏదో తేడా కొడుతుంది. ఇంట్లోవాళ్లు "అతికించినట్టున్నది" అనేది దీన్నే. సెల్ఫీ ముఖాన్ని కొంచెం చదును చేసి గీయడమో, ఆ మనిషిని ఇంకో ఫోటో అడగడమో చేయాలి. రెండోదే మేలు. ఆరడుగుల దూరం నుంచి, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీసిన ఒక్క ఫోటో మీకు గంట పని తగ్గిస్తుంది. ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంట్‌గా పంపమనాలి, లేకపోతే ఫోటో చిన్నదైపోయి కనురెప్పలు, చర్మం మీది గీతలు కలిసిపోతాయి.

మూడు ధరలు, ఒకే బొమ్మ

గంటకు ఎంత అనేది ముందు తేలాలి, ఎందుకంటే మిగతా రెండు పద్ధతులు సరిగ్గా ఉన్నాయో లేవో చూడటానికి కూడా ఇదే కొలబద్ద. నెలకు ఇంటి ఖర్చు, కరెంటు, సాఫ్ట్‌వేర్, ట్యాబ్ అరుగుదల కలిపి 25,000 రూపాయలు రావాలి అనుకోండి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 25 రోజులు కూర్చుంటే 200 గంటలు. కానీ అందులో దాదాపు సగం ధర అడిగి పోయేవాళ్లతో మాటలకు, ప్రింట్ షాపుకు తిరగడానికి, నేర్చుకోవడానికి పోతుంది. పైసలు వచ్చే గంటలు 100 మిగిలితే గంటకు 250 రూపాయలు పడాలి. 25,000ను 200తో భాగించి 125 అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నెలంతా పని ఉన్నా చేతిలో పైసలు నిలవకపోవడానికి కారణం అదే.

మన పనికి 31.5 గంటలను 250తో హెచ్చిస్తే 7,875 రూపాయలు.

ఒకే ధర అంటే "తలకు 900" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడం. అయిదుగురికి 4,500. గిరాకీ వెంటనే ఒప్పుకుంటారు, బేరం తక్కువ. కానీ 31.5 గంటలకు 4,500 అంటే గంటకు 143 రూపాయలే. అదే 900 ధర, ఒక్కరి ముఖాన్ని గీతలతో గీసి సాదా రంగులు నింపే బొమ్మకు పెడితే, మూడు గంటల్లో అయిపోతుంది కాబట్టి గంటకు 300 పడుతుంది. ఒకే ధర చెడ్డది కాదు. పని ప్రతిసారీ ఒకేలా ఉండేచోట, అంటే ప్రొఫైల్ బొమ్మలు, పెళ్లికార్డు మీద జంట కార్టూన్, పుట్టినరోజు బొమ్మలకు అదే మేలు. అక్కడ ప్రతి ఒక్కరికీ లెక్కలు చెప్పుకుంటూ కూర్చుంటే, ఆ మాటల గంట ధరలో మూడో వంతు తినేస్తుంది.

గంటల లెక్క న్యాయంగానే ఉంటుంది కానీ మన దగ్గర ఇంటివాళ్లకు నచ్చదు. "ఎన్ని గంటలు చేసినవో మాకెట్ల తెలుస్తది?" అని అడగడంలో తప్పేమీ లేదు. వాళ్లకు గృహప్రవేశానికి ఒక బడ్జెట్ ఉంటుంది, అంకె ముందే తెలియాలి. ఇంకో చిక్కు కూడా ఉంది: ఏటేటా మీ చెయ్యి వేగం పెరిగితే అదే బొమ్మకు వచ్చే పైసలు తగ్గుతాయి. ఈ పద్ధతి పుస్తకానికి బొమ్మలు వేసేటప్పుడు, యానిమేషన్ వాళ్లకు పాత్రలు రూపొందించేటప్పుడు పనికొస్తుంది. అక్కడ మొదట్లో పని ఎంతదో అడిగినవాళ్లకే తెలియదు, గంటల చీటీ చూసి పైసలిచ్చే అలవాటు ఉంటుంది.

మూల ధర, అదనాలు పద్ధతిలో మొదటి మనిషికి 1,500, ఆపై ఒక్కొక్కరికి 1,000. మాటలు, ఫైలు తయారీ, వెనకభాగం, ప్రింట్ పని ఎంతమంది ఉన్నా ఒక్కసారే కాబట్టి రెండో మనిషి నుంచి తగ్గించవచ్చు. అయిదుగురికి 5,500. పాడైన ఫోటోకు 500. వేర్వేరు ఫోటోలు కలపడానికి, ఫోటోలో లేని చెయ్యి గీయడానికి 600. ఇక్కత్, నగలకు 900. మొత్తం 7,500. గంటల లెక్కకు 375 రూపాయలు తక్కువ, గంటకు 238 పడుతుంది. మూల ధరలు సరిగ్గా ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. పది పనుల తర్వాత కూడా గంటకు 200 దాటకపోతే అదనాలు పెంచాలి.

కుటుంబ చిత్రాలకు ఈ మూల ధర, అదనాల పద్ధతినే ఎంచుకోమని చెబుతాం. కారణం డబ్బు ఒక్కటే కాదు. బేరం వచ్చినప్పుడు మాట ఎటు పోతుందో చూడండి. 4,500 అని ఒకే అంకె చెబితే, "నాలుగు వేలకు చెయ్యి తమ్మీ" అంటారు. అక్కడ తగ్గేది మీ కూలి. అదనాలు విడిగా రాసి చూపిస్తే, "అయితే చీర సాదాగా వెయ్యి" అంటారు. అక్కడ తగ్గేది పని. 6,500కే చేయమంటే చేయవచ్చు: నాయనమ్మకు సాదా చీర, చెవికమ్మలు పుస్తెలతాడు మాత్రమే, తాత ఫోటో మరక ఉన్న చెంపను కొంచెం పక్కకు తిప్పి నీడలో పెట్టడం. ఇద్దరికీ నష్టం లేదు.

| | ఒకే ధర | మూలం + అదనాలు | గంటల లెక్క |
|---|---|---|---|
| మన అయిదుగురి బొమ్మకు | 4,500 | 7,500 | 7,875 |
| గంటకు పడేది | 143 | 238 | 250 |
| ముందే అంకె తెలుస్తుందా | తెలుస్తుంది | తెలుస్తుంది | తెలియదు |
| బేరంలో తగ్గేది | కూలి | పని | గంటల మీద నమ్మకం |
| సరిపోయే పని | చిన్న, ఒకేరకం బొమ్మలు | కుటుంబ చిత్రాలు | పుస్తకాలు, పాత్రల రూపకల్పన |

ముహూర్తం దగ్గర పడితే అదనం అడగవచ్చు, కానీ ముందు రోజులు లెక్కించండి. రోజుకు నాలుగైదు గంటల అసలు పని అనుకుంటే ఏడు రోజులు, వాళ్ల జవాబులకు మూడు నాలుగు రోజులు, ఫ్రేమ్ కట్టడానికి రెండు రోజులు. రెండు వారాలకంటే తక్కువ సమయం ఉంటే అయిదుగురి బొమ్మ ఒప్పుకోకుండా, తాత ఒక్కరి బొమ్మ గీస్తామనడం మంచిది.

సవరణలు: ఎన్నిసార్లు అన్నది కాదు, ఎప్పుడు అన్నది

"నచ్చేదాకా మారుస్తాం" అని పెట్టుకునేవాళ్లున్నారు. "రెండుసార్లు మాత్రమే" అని పెట్టుకునేవాళ్లున్నారు. మొదటిది గీసేవాళ్లను ముంచుతుంది, రెండోది గీయించుకునేవాళ్లను భయపెడుతుంది. రెండు అవకాశాలే ఉన్నాయంటే వాళ్లు చిన్నచిన్నవన్నీ దాచిపెట్టి చివర్లో ఒకేసారి పన్నెండు మార్పులు పంపుతారు, దాన్ని ఒకటిగా లెక్కించమంటారు. ఈ రెండు పద్ధతులూ చూడని విషయం ఒకటుంది. ఒకే మార్పుకు ఒక దశలో పది నిమిషాలు పడితే ఇంకో దశలో మూడు గంటలు పడుతుంది.

| మార్పు | స్కెచ్‌లో | రంగులు పరిచాక | పూర్తయ్యాక |
|---|---|---|---|
| మనిషిని జరపడం | 10 నిమిషాలు | 45 నిమిషాలు | 2–3 గంటలు |
| ముఖం పోలిక సరిచేయడం | అరగంట | గంట | 2–3 గంటలు |
| చీర రంగు | వర్తించదు | 5 నిమిషాలు | అరగంట నుంచి గంట |
| ఇంకో మనిషిని చేర్చడం | గంట | 4 గంటలు | 5 గంటలు, ఆపైన |

కాబట్టి మూడు దశలుగా విడగొట్టి, ప్రతి దశలో ఏమి అడగవచ్చో ముందే చెప్పే పద్ధతి మేలు. స్కెచ్ దశలో స్థానాలు, ఎత్తులు, పోలికలు, చేతులు. రంగులు పరిచిన దశలో చీరలు, చొక్కాలు, ఒంటిరంగు, వెనకభాగం. చివరి దశలో చిన్నవి మాత్రమే: బొట్టు సైజు, ఒక వెంట్రుక, నవ్వు కొంచెం. దాటిపోయిన దశలోని మార్పు అడిగితే చేస్తారు, కానీ గంటకు 250 చొప్పున. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎవరూ నొచ్చుకోరు.

పోలిక సంగతి విడిగా చెప్పాలి, గొడవలన్నీ అక్కడే. "మా బాపు ఇట్ల ఉండడు" అన్న మాట తాత బొమ్మకు దాదాపు ఖాయంగా వస్తుంది, ఫోటోతో సరిగ్గా సరిపోయినా వస్తుంది. ఎందుకంటే కొడుకు గుర్తుపెట్టుకున్నది ఆఖరి సంవత్సరాల్లోని ముఖం, ఫోటోలో ఉన్నది అంతకు ఇరవై ఏళ్ల ముందటిది, పైగా ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు నెగెటివ్ మీదే ముడతలు దిద్దేవారు. అందుకని గీయకముందే రెండు ప్రశ్నలు అడగాలి: ఏ వయసులో ఉన్నట్టు కావాలి? ఫోటోలో లేనిది, మీకు గుర్తున్నది ఏమైనా ఉందా? రుమాలు ఎటువైపు చుట్టేవారు, మీసం ఎలా ఉండేది, చేతి మీద పచ్చబొట్టు ఉందా అని ఒక్కొక్కటీ అడిగితే చెబుతారు. అడగకపోతే బొమ్మ పూర్తయిన రోజు నాయనమ్మ చూసి చెబుతుంది.

తప్పు నిజంగా మీదేనా అని మీరే తేల్చుకోవడానికి మార్గం ఉంది. ఫోటోను బొమ్మ మీద సగం పారదర్శకంగా పరచి, రెండు కనుపాపలను కలపండి. అప్పుడు నోటి గీత, గడ్డం కొన, చెవుల అంచులు ఎక్కడ తప్పాయో కనిపిస్తుంది. తర్వాత కాన్వాస్‌ను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారేలా తిప్పి చూడండి. గంటల తరబడి చూసిన కంటికి కనపడని వంకర తిప్పగానే బయటపడుతుంది. ఇలా తేలిన తప్పుకు పైసలు అడగకూడదు, విడతల్లో లెక్కించకూడదు. ఒప్పుకున్న ఫోటోతో సరిపోయి, వాళ్ల మనసు మారితే అది లెక్కలోకి వస్తుంది. "ఈ ఫోటో కాదు, అత్తమ్మ దగ్గర ఇంకోటి దొరికింది" అంటే అది కొత్త ముఖం, కొత్త ధర.

ఇంకో జాగ్రత్త: సవరణలు ఒక్కరి నుంచే రావాలి. కొడుకు ఒకటి, బిడ్డ ఒకటి, అల్లుడు ఒకటి చెబితే ఆ మూడూ ఒకదానికొకటి పొసగవు. స్కెచ్ పంపేటప్పుడు ఇలా రాస్తే సరిపోతుంది:

"అన్నా, స్కెచ్ పంపిన. రంగులు ఇంకా వెయ్యలే, ముఖాలు, ఎవరు ఎక్కడున్నరు, తాత చెయ్యి, ఇవే చూడుండ్రి. ఇంట్ల అందరికి చూపెట్టి, ముఖ్యంగ అమ్మకు, అన్ని మాటలు మీరొక్కరే ఒకేసారి రాసి పంపుండ్రి. మీరు సరే అన్నంక రంగులు మొదలువెడత. అటెన్క మనుషులను జరపాల్నంటే వేరే ఖర్చయితది."

పైసలు కూడా దశలతో నడవాలి. బయానా సగం తీసుకోవడం వాడుకలో ఉంది కానీ, స్కెచ్ దగ్గరే వద్దనుకుంటే ఎంత వెనక్కి ఇవ్వాలన్న పేచీ వస్తుంది. మన పనిలో స్కెచ్ ఒప్పుకునేదాకా పట్టేది మాటలకు 1.5, గీతకు 3, ఒక విడత సవరణకు 1.5, మొత్తం ఆరు గంటలు. అంటే 1,500 రూపాయలు. ఇది 7,500లో సరిగ్గా అయిదో వంతు. బయానా 1,500, స్కెచ్ ఒప్పుకున్నాక 3,750, పెద్ద ఫైలు ఇచ్చేముందు 2,250 అని పెట్టుకుంటే, స్కెచ్ దగ్గర ఆగిపోయినా ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు. చివరి డబ్బు వచ్చేదాకా చూపించే బొమ్మ 1,200 పిక్సెళ్ల వెడల్పుకు మించకూడదు. ఫోనులో చక్కగా కనిపిస్తుంది, 18 అంగుళాల ప్రింట్‌కు పనికిరాదు.

ప్రింట్ వచ్చాక "ముఖాలు నల్లగైనయి" అనే ఫిర్యాదు సవరణ కింద రాకుండా చూసుకోవాలి. ఫోను వెలుగు పూర్తిగా పెంచి చూసిన బొమ్మ కాగితం మీద తప్పకుండా తగ్గి కనిపిస్తుంది. స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించి చూసుకుని, ముఖాల ముక్కనొకదాన్ని 4×6 అంగుళాల నమూనాగా ప్రింట్ తీయించి, పగటి వెలుతురులో చూడాలి. ఆ నమూనా ఖర్చు ధరలోనే ఉండాలి. ఫోటో ల్యాబ్‌కు అయితే ఎస్‌ఆర్‌జీబీ జేపీజీ ఇవ్వండి. ఆఫ్‌సెట్‌లో అచ్చు వేసేదైతే ముందే సీఎంవైకే చేసి చూడాలి, అక్కడ మెరిసే గులాబీ, నెమలి నీలం రంగులు మందగిస్తాయి.

హక్కులు: ఇక్కడి చట్టం ఇంటర్నెట్‌లో చదివినదానికి వేరు

"బొమ్మ అమ్మినా కాపీరైట్ కళాకారుడిదే" అని విదేశీ చిత్రకారులు రాసుకునే నిబంధనలను చాలామంది నమ్మి ఊరుకుంటారు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ చదివితే విషయం తిరగబడుతుంది. మామూలుగా రచయితే మొదటి హక్కుదారు. కానీ పైసలిచ్చి, తాము అడిగి ఫోటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, పోర్ట్రెయిట్ గీయించుకున్నా, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, చేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు అని అదే సెక్షన్‌లోని మినహాయింపు చెబుతుంది. కుటుంబ చిత్రం నేరుగా దీని కిందికే వస్తుంది. ఏమీ రాసుకోకుండా మన అయిదుగురి బొమ్మ గీసిస్తే దాని కాపీరైట్ ఆ కుటుంబానిది. దాన్ని మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవాలన్నా వాళ్ల అనుమతి కావాలి. చిన్నపిల్ల ముఖం కూడా ఉంది కాబట్టి చట్టం సంగతి పక్కన పెట్టినా అడగాల్సిందే. మీ దగ్గర మిగిలేది 57వ సెక్షన్ ఇచ్చేది: గీసింది మీరేనని చెప్పుకునే హక్కు, మీ పేరుకు మచ్చ తెచ్చేలా బొమ్మను వికృతం చేస్తే అడ్డుచెప్పే హక్కు.

పుస్తకం లోపలి బొమ్మలు, లోగో, కార్టూన్ పాత్రల దగ్గర అది పెయింటింగా, పోర్ట్రెయిటా, వట్టి డ్రాయింగా అన్న వాదనకు చోటుంది. ఆ వాదనలోకి పోకుండా పని మొదలుపెట్టకముందే రాసుకోవడమే దారి. రాసుకోవడానికి మూడు రకాలున్నాయి.

*ఇంటి వాడకం.* కాపీరైట్ గీసినవాళ్లదే. కుటుంబం ఎన్ని కాపీలైనా ప్రింట్ తీసుకోవచ్చు, బంధువులకు ఇవ్వచ్చు, స్టేటస్‌లో పెట్టుకోవచ్చు, సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయించుకోవచ్చు. వ్యాపారానికి మాత్రం వాడకూడదు. కుటుంబ చిత్రాలకు ఇది చాలు, దీనికి వేరే ధర అక్కర్లేదు.

*పరిమిత వ్యాపార వాడకం.* ఎక్కడ, ఎంతకాలం, ఏ వస్తువు మీద అన్నది రాసి అనుమతి ఇవ్వడం. ఒక షాపు బోర్డు, ఒక సంవత్సరపు క్యాలెండర్, ఒక మసాలా ప్యాకెట్ లాంటివి. 30వ సెక్షన్ ప్రకారం ఇది రాతలో ఉండాలి. ఒక చోట ఏడాది వాడకానికి బొమ్మ ధరలో పావు వంతు నుంచి సగం వరకు అడగడం సబబు. ఆ బొమ్మ అమ్మకానికి ఎంత దగ్గరగా ఉంటే అంత పైకి పోవాలి, గోడ మీది బోర్డుకంటే ప్యాకెట్‌కు ఎక్కువ.

*పూర్తి బదిలీ.* కంపెనీకి గుర్తుగా మారే బొమ్మకు ఇదే సరైనది. ఏటేటా అనుమతి కోసం తిరగడం వాళ్లకూ కష్టమే. ధర రెట్టింపుకు తక్కువ ఉండకూడదు, ఎందుకంటే ఆ తర్వాత ఆ బొమ్మ నుంచి మీకు ఇంకేమీ రాదు. కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సింది 19వ సెక్షన్ దగ్గర. బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టం అనుకుంటుంది. "అన్ని హక్కులు ఇచ్చేశాను" అని ఒక్క వాక్యం రాయించుకుని శాశ్వతంగా తమదే అనుకునేవాళ్లకు ఆరో ఏట ఇబ్బంది వస్తుంది.

అదే తాత, టిఫిన్ సెంటర్ బోర్డు మీద

గృహప్రవేశం అయిపోయింది. ఆరు నెలల తర్వాత కొడుకు కాజీపేటలో టిఫిన్ సెంటర్ పెడుతూ, "ఆ బొమ్మల మా బాపు ముఖం బోర్డు మీద వేసుకుంట" అని అడిగాడు అనుకుందాం. మొదట్లో ఏమీ రాసుకోకపోయి ఉంటే అడగాల్సిన అవసరమే లేదు, కాపీరైట్ అతనిది. ఇంటి వాడకం అని రాసుకుని ఉంటే వ్యాపార అనుమతి కావాలి. 7,500లో పావు వంతు, అంటే 1,875 తీసుకుని ఏడాదికి అనుమతి ఇవ్వవచ్చు. బోర్డు ఏడాదికొకసారి మార్చేది కాదు కాబట్టి, ఆ షాపు నడిచినంతకాలం, ఆ ఒక్క బోర్డుకే అని రాసి 3,000 తీసుకోవడం ఇద్దరికీ సుఖం.

అయితే అసలు అడ్డంకి అనుమతి కాదు. 18×12 అంగుళాల బొమ్మను 300 డీపీఐలో గీస్తే ఫైలు 5,400×3,600 పిక్సెళ్లు. అయిదుగురున్న బొమ్మలో తాత ముఖం ఎత్తు సుమారు 2.3 అంగుళాలు, అంటే 690 పిక్సెళ్లు. బోర్డు మీద ఆ ముఖం మూడడుగుల ఎత్తు ఉండాలంటే అంగుళానికి 19 పిక్సెళ్లే పడతాయి. ఫ్లెక్సీకి 70 నుంచి 100 ఉంటే బాగుంటుంది, రోడ్డు అవతలి నుంచి చూసేదైనా 40కి తగ్గకూడదు. 19 దగ్గర మీసం ఒక మరకలా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేస్తే అంచులు నున్నగా అవుతాయే తప్ప లేని వివరం రాదు.

కాబట్టి కొడుకు ముందు పెట్టాల్సినవి రెండు దారులు. ముఖం ఒకటిన్నర అడుగులకు తగ్గించి, బోర్డు మూలలో పెట్టి, 38 పిక్సెళ్లతో సర్దుకోవడం. ఖర్చు అనుమతికి ఇచ్చే 3,000 మాత్రమే, దగ్గర్నుంచి చూస్తే కొంచెం మసక. లేదా తాత ఒక్కరి ముఖాన్నే పెద్ద కాన్వాస్ మీద మళ్లీ గీయడం. పోలిక, రుమాలు, మీసం అన్నీ ఇదివరకే తేలాయి కాబట్టి 3.5 గంటల ముఖానికి ఈసారి మూడు గంటలు, మెడ కండువాకు గంట, మొత్తం నాలుగు గంటలకు 1,000 రూపాయలు. అనుమతితో కలిపి 4,000. బోర్డు మెయిన్ రోడ్డు మీద, గిరాకీ కింద నిలబడి తినేచోట ఉంటే రెండోదే ఎంచుకోమని చెప్పాలి. పైకి, మొదటి అంతస్తు ఎత్తులో పెడితే మొదటిది చాలు.

ఇది చేయాలంటే పొరలు విడిగా ఉన్న ఫైలు మీ దగ్గర ఇంకా ఉండాలి. పూర్తయిన బొమ్మను ఒకే పొరగా కలిపేసి జేపీజీ మాత్రం దాచుకుంటే, నాయనమ్మ భుజం వెనకున్న తాత కండువా అంచును మళ్లీ ఊహించి గీయాలి. కనీసం రెండేళ్లు, తాత ముఖం వేరే పొరలో ఉండగానే, రెండు చోట్ల దాచండి. ఆ గడువు ఎంతో ఒప్పందం మెసేజ్‌లోనే రాసిపెట్టండి.